ఖాళీ గడి తెచ్చిన తంటా: మా క్యాటరింగ్‌కి అలర్జీ చార్ట్ తయారుచేసిన అనుభవం

క్యాటరింగ్ మా అన్నయ్యది. స్టోరు, ఆర్డర్లు, లెక్కలు చూసేది నేను. వంటింట్లోకి నేను పెద్దగా వెళ్లేదాన్ని కాదు, అది మాస్టారి రాజ్యం. అలాంటి నేను మూడు వారాల పాటు పొద్దున్నే నోట్‌బుక్ పట్టుకుని మాస్టారి పక్కన నిలబడాల్సి వచ్చింది. ఆయనకి ఎంత విసుగొచ్చిందో, నాకూ అంతే వచ్చింది.

మొదలైంది ఒక ఆర్డర్‌తో. 180 మందికి మధ్యాహ్న భోజనం. మెనూ ఖాయం అయ్యాక ఆర్డర్ ఇచ్చినావిడ ఫోన్ చేసి, వచ్చేవాళ్లలో ముగ్గురి గురించి చెప్పారు. ఒక బాబుకి నట్స్ పడవు. ఒకావిడకి పాలు, గుడ్డు రెండూ పడవు. ఒక పెద్దాయనకి సీలియాక్ జబ్బు, అంటే గోధుమ, బార్లీ, రై లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అస్సలు తినకూడదు. "ఏ వంటకంలో ఏముందో ఒక కాగితం మీద వేసి పంపండి, వాళ్లే చూసుకుంటారు" అన్నారు.

ఇంతేనా అనుకున్నాను. మా దగ్గర మొత్తం 34 వంటకాలున్నాయి. ఎలాగూ మొదలుపెట్టాం కదా అని అన్నిటికీ వేసేద్దామనుకుని, ఎడమ పక్క వంటకాల పేర్లు, పైన నట్స్, పాలు, గ్లూటెన్, గుడ్డు అని నాలుగు నిలువు గళ్లు గీశాను. టీ టైమ్‌లో మాస్టారి దగ్గర కూర్చుని ఒక్కో పేరూ చదివాను. ఉంది అంటే టిక్కు పెట్టాను, లేదంటే ఖాళీగా వదిలేశాను. అరగంటలో పని అయిపోయింది. ఫోటో తీసి పంపించేశాను.

మర్నాడు పొద్దున్నే ఆవిడ మళ్లీ ఫోన్ చేశారు. "మీ చికెన్ కట్లెట్‌కి పైన అద్దే బ్రెడ్ పొడిలో పాలపొడి ఉండదు కదండీ? పాలు గడి ఖాళీగా ఉంది, అందుకని అడుగుతున్నా."

"చూసి చెప్తానండీ" అన్నాను. స్టోరులోకి వెళ్లి బ్రెడ్ పొడి ప్యాకెట్ వెనక్కి తిప్పాను. గోధుమ పిండి, ఈస్ట్, ఉప్పు, చక్కెర, ఆ తర్వాత పాలపొడి. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో లైను: నువ్వులు ఉండే అవకాశం ఉంది. ఆ ప్యాకెట్లు ఏళ్లుగా లెక్కపెట్టి అరలో సర్దిస్తున్నది నేనే. ఒక్కసారి కూడా వెనక్కి తిప్పి చదవలేదు.

కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. నా చార్ట్‌లో ఖాళీ గడికి మూడు అర్థాలున్నాయి. నిజంగా లేదు. ఉందో లేదో తెలీదు. అసలు ఎవరినీ అడగలేదు. చూసేవాళ్లకి మాత్రం మూడూ ఒక్కలాగే కనపడతాయి, పైగా వాళ్లు దాన్ని "లేదు" అనే చదువుకుంటారు. ఆవిడకి ఫోన్ చేసి ఆ కాగితం చించేయమని, కొత్తది పంపిస్తానని చెప్పాను. ఫంక్షన్‌కి ఇంకా మూడు వారాలకు పైగా టైముంది. లేకపోతే ఏం చేసేవాళ్లమో నాకు తెలీదు.

రెండోసారి వంటకాల పేర్లతో మొదలుపెట్టలేదు, స్టోరు అరలతో మొదలుపెట్టాను. ప్యాకెట్, డబ్బా, సీసా, సంచీ, ఏదైనా సరే ఒక్కోటీ కిందకి దింపి లేబుల్ ఫోటో తీసి, ఒక షీట్‌లో ఒక్కో సరుకుకి ఒక్కో వరుస రాశాను. ప్రతి గడిలో తప్పనిసరిగా ఒక అక్షరం ఉండాలని నియమం పెట్టుకున్నాను. లేబుల్ చదివాను, అందులో ఉంది అంటే Y. "ఉండే అవకాశం ఉంది" అన్న హెచ్చరిక ఉంటే M. లేబుల్ మొత్తం చదివాను, లేదు అంటే N. లేబుల్ లేకపోవడం వల్లో మరే కారణం వల్లో తేలలేదు అంటే U. షీట్ పేరు Items. ఖాళీ గడి కనిపిస్తే ఆ పని ఇంకా అవలేదని అర్థం, అంతే.

నట్స్ గడిని రెండుగా విడగొట్టాను. వేరుశనగ అనేది పప్పుధాన్యాల జాతికి చెందింది, చెట్టుకి కాసే జీడిపప్పు, బాదం, అక్రోట్ లాంటివి వేరు. ఒకటి పడనివాళ్లకి రెండోది పడొచ్చు, పడకపోవచ్చు. అది తేల్చాల్సింది మేం కాదు, కాబట్టి రెండూ విడివిడిగా చూపిస్తే వాళ్లకేది కావాలో వాళ్లు చూసుకుంటారు. బాబు వాళ్ల అమ్మని అడిగిస్తే రెండూ వద్దన్నారు. సరే, అయినా గళ్లు ఐదు అయ్యాయి.

లేబుళ్లు చదవడం మొదటి రోజు ఆటలా ఉంది. రెండో రోజుకి తలనొప్పి పట్టుకుంది. ఎందుకంటే పాలు ఎప్పుడూ పాలు అన్న పేరుతో ఉండవు. కేకుల మీద వాడే క్రీమ్ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో నాన్ డైరీ అని రాసుంది. నేను సంతోషంగా N పెట్టి పక్కన పెట్టబోయాను. ఎందుకో అనుమానం వచ్చి వెనక చదివితే సోడియం కేసినేట్ అని ఉంది. కేసిన్ అంటే పాలలో ఉండే ప్రోటీనే. అలర్జీ వచ్చేది ఆ ప్రోటీన్‌తోనే కాబట్టి, పాలు పడనివాళ్లకి ఆ నాన్ డైరీ డబ్బా కూడా పాల డబ్బాతో సమానం. N కొట్టేసి Y రాశాను. లాక్టోజ్ ఫ్రీ పాలు కూడా అంతే. అందులో లేనిది లాక్టోజ్ అనే చక్కెర మాత్రమే, ప్రోటీన్ అలాగే ఉంటుంది. పాలు అరగనివాళ్లకి అవి పనికొస్తాయి, అలర్జీ ఉన్నవాళ్లకి పనికిరావు. మా ఇంట్లో కూడా ఈ రెండిటినీ ఇన్నాళ్లూ ఒకటే అనుకున్నాం.

సోయా సాస్‌లో గోధుమ ఉంది. సూప్‌లో వేసే స్టాక్ క్యూబ్స్‌లో గోధుమ పిండీ, పాలపొడీ రెండూ ఉన్నాయి. కార్న్‌ఫ్లేక్స్‌లో ఉన్నది మొక్కజొన్నే అయినా, రుచి కోసం కలిపే మాల్ట్ బార్లీది, అంటే గ్లూటెన్ గడిలో Y. అన్నిటికంటే ఆశ్చర్యం వేసింది గట్టి చీజ్ చూసి. చీజ్ కాబట్టి పాలు Y అని రాసి కింద పెట్టేయబోయాను. లైసోజైమ్ అని ఒక పదం కనపడింది, పక్కనే బ్రాకెట్‌లో గుడ్డు అని. చీజ్ పాడవకుండా కొన్ని రకాల్లో కలిపే పదార్థమట, అది గుడ్డు తెల్లసొన నుంచి తీస్తారు. గుడ్డు గడిలో చీజ్‌కి Y వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

M గురించి ఒక మాట. "ఉండే అవకాశం ఉంది" అన్న హెచ్చరిక చాలా దేశాల్లో తయారీదారు ఇష్టం మీద రాసేదే, తప్పనిసరి కాదు. కాబట్టి ఆ లైను లేనంత మాత్రాన ఆ ఫ్యాక్టరీలో ఆ పదార్థం లేదని కాదు. అందుకే నా N కి అర్థం "లేబుల్ మీద లేదు" అని మాత్రమే. ఈ ముక్క చార్ట్ కింద రాయాలని అప్పుడే నోట్ చేసుకున్నాను.

సరుకుల షీట్ అవడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ తర్వాత వంటకాలు. మాస్టారి వంటకాల పుస్తకం ఒకటుంది, అందులో కొలతలన్నీ ఉన్నాయి. దాన్ని చూసి రెండో షీట్‌లో ఎక్కించాను. దాని పేరు Recipe. మొదటి నిలువులో వంటకం పేరు, రెండో దాంట్లో సరుకు పేరు, పక్క ఐదు గళ్లలో ఆ సరుకు అక్షరాలు Items షీట్ నుంచి వాటంతటవే వస్తాయి. కట్లెట్‌లో తొమ్మిది సరుకులుంటే తొమ్మిది వరుసలు.

కట్లెట్ దగ్గరే మళ్లీ ఆగిపోయాను. పుస్తకంలో చికెన్, ఉల్లిపాయ, బంగాళదుంప, మసాలా, ఉప్పు, మొక్కజొన్న పిండి, నీళ్లు, బ్రెడ్ పొడి, నూనె ఉన్నాయి. మొక్కజొన్న పిండిని నీళ్లలో జారుగా కలిపి, కట్లెట్‌ని అందులో ముంచి, బ్రెడ్ పొడిలో దొర్లించాలి. గుడ్డు లేదు. కానీ స్టోరు రిజిస్టర్ నా చేతిలోనే ఉంటుంది కదా. కట్లెట్ మెనూలో ఉన్న రోజులు చూస్తే రెండేసి ట్రేలు గుడ్లు బయటికి వెళ్లాయి. ట్రేకి 30 లెక్కన 60 గుడ్లు. ఆ రోజుల్లో కొన్నిసార్లు కేకు కూడా లేదు.

"మాస్టారూ, కట్లెట్‌లో గుడ్డు వేస్తామా?"

"లేదమ్మా, పుస్తకంలో రాశాను కదా, మొక్కజొన్న పిండే."

"మరి ఆ రోజు 60 గుడ్లు తీసుకున్నారు, దేనికి?"

ఆయన కాసేపు ఆలోచించారు. "ఓ, అదా. యాభైకో అరవైకో అయితే పిండి చాలు. రెండొందలు దాటితే ఆ జారు అడుగున పేరుకుపోతుంది, కుర్రాళ్లు కలపరు, పొడి ఊడిపోయి నూనెంతా నల్లబడుతుంది. అప్పుడు గుడ్డు గిలక్కొట్టి ముంచుతాం. అది కట్లెట్‌లో వేసేది కాదు కదమ్మా, పైన అద్దేదే."

ఆయన అబద్ధం ఆడలేదు. ఆయన దృష్టిలో కట్లెట్‌లో ఉండేది లోపలి ముద్ద మాత్రమే. పైన అద్దేది, చివర్లో చల్లేది, ట్రేకి అంటకుండా రాసేది, ఇవేవీ వంటవాళ్ల లెక్కలో "వేసేవి" కావు. ఆ తర్వాత నేను ప్రశ్న మార్చేశాను. "ఇందులో ఏముంది" అని అడగడం మానేసి, వండేటప్పుడు పక్కన నిలబడి చేతికి ఏది తగిలితే అది రాసుకున్నాను. బన్ను మీద మెరుపు కోసం గుడ్డు రాస్తున్నారు, పుస్తకంలో లేదు. కేకు ట్రేకి వెన్న పూసి గోధుమ పిండి చల్లుతున్నారు, అదీ లేదు. ఒక సాస్ పల్చగా వచ్చిన రోజు చిక్కబడటానికి జీడిపప్పు ముద్ద కలుపుతారట, మామూలు రోజుల్లో కలపరు. "ఎప్పుడైనా ఒకసారి" అన్నవన్నీ ఎప్పుడూ వేసేవాటిలాగే Y గా రాశాను. ఆ ఒకసారి ఏ ఫంక్షన్ రోజు వస్తుందో ఎవరు చెప్పగలరు? మాస్టారు దీనికి గునిశారు. అన్నయ్య నా పక్షం మాట్లాడాడు, లేకపోతే నెగ్గేదాన్ని కాదు.

మూడో షీట్ అసలు చార్ట్. ఒక్కో వంటకం వరుసలన్నీ చూసి, దాంట్లో ఏ ఒక్క సరుకులో Y ఉన్నా వంటకానికి Y రావాలి. నేను మొదట రాసిన ఫార్ములా చాలా సింపుల్. Y ఉంటే Y, లేకపోతే M ఉంటే M, ఏదీ లేకపోతే N. చార్ట్ నిండింది, రంగులు కూడా పెట్టాను, చూడముచ్చటగా ఉంది. అన్నయ్యకి చూపిస్తే ఆయన కళ్లు తిన్నగా ఒక వరుస మీదకి వెళ్లాయి.

"కస్టర్డ్‌లో పాలు N అంట. నీళ్లతో కాస్తున్నామా ఏంటి?"

వెతికితే దొరికింది. Recipe షీట్‌లో కస్టర్డ్ అని టైప్ చేసినప్పుడు చివర ఒక ఖాళీ పడింది. చార్ట్‌లో ఆ ఖాళీ లేదు. కంప్యూటర్‌కి అవి రెండూ వేరు వేరు పేర్లు. చార్ట్‌లోని కస్టర్డ్‌కి ఒక్క సరుకూ దొరకలేదు, కాబట్టి Y దొరకలేదు, M దొరకలేదు, చివరికి N రాసేసింది. అంటే కాగితం మీద చేసిన తప్పే ఫార్ములాలో మళ్లీ చేశాను. ఏమీ తెలియనిదాన్ని "లేదు" కింద వేశాను. కస్టర్డ్ కాబట్టి అన్నయ్య కంటికి ఆనింది. అదే పండ్ల సలాడ్ అయి, దాని మీద చల్లే బాదం పలుకుల వరుస ఇలా తప్పిపోయి ఉంటే, N చూసి ఎవ్వరం అనుమానించేవాళ్లం కాదు.

అప్పుడు ఫార్ములాని తిరగేశాను. సరుకులన్నిటికీ N గానీ M గానీ ఉందని లెక్క తేలితేనే ముందుకు వెళ్లాలి. ఒక్కటి తేలకపోయినా, అసలు సరుకులే దొరకకపోయినా U రావాలి.

```
=IF(COUNTIF(Recipe!$A:$A,$A2)=0,"U",
 IF(COUNTIFS(Recipe!$A:$A,$A2,Recipe!C:C,"Y")>0,"Y",
 IF(COUNTIFS(Recipe!$A:$A,$A2,Recipe!C:C,"N")
   +COUNTIFS(Recipe!$A:$A,$A2,Recipe!C:C,"M")
   <COUNTIF(Recipe!$A:$A,$A2),"U",
 IF(COUNTIFS(Recipe!$A:$A,$A2,Recipe!C:C,"M")>0,"M","N"))))
```

మొదటి లైను కస్టర్డ్ లాంటి వాటి కోసం: ఆ పేరుతో ఒక్క వరుసా లేకపోతే U. మూడో IF లో N లూ M లూ కూడితే మొత్తం సరుకుల సంఖ్య కంటే తక్కువ వస్తే, మధ్యలో ఏదో తేలనిది ఉన్నట్టే, కాబట్టి U. ఇది M కంటే ముందు రావాలి, ఎందుకంటే తేలనిది రేపు Y అని తేలవచ్చు. నేను మొదట U బదులు ప్రశ్నార్థకం గుర్తు పెట్టాను. కానీ COUNTIFS లో ఆ గుర్తుకి "ఏదో ఒక అక్షరం" అని అర్థమట, Y నీ N నీ కూడా దాని కిందే లెక్కేసింది. అరపూట దాంతోనే పోయింది.

కొత్త ఫార్ములా పెట్టగానే చార్ట్‌లో పదకొండు వంటకాలకి U వచ్చింది. చూడటానికి ఘోరంగా ఉంది గానీ నాకు మాత్రం టెన్షన్ తగ్గింది. ఎక్కడ వెతకాలో ఇప్పుడు కనపడుతోంది. సగం టైపింగ్ తప్పులు, మిగతావి విడిగా కొన్న మసాలాలు.

అందరూ నిశ్చింతగా ఉన్న వంటకం ఒకటుంది, వేయించిన బంగాళదుంప ముక్కలు. బంగాళదుంప, నూనె, ఉప్పు. ఐదు గళ్లూ N. సీలియాక్ ఉన్న పెద్దాయనకి పెట్టగలిగిన వాటిలో మొదటిది ఇదే అని నేనే ఆవిడకి ఫోన్‌లో చెప్పాను కూడా. మర్నాడు వంటింట్లో నిలబడి చూస్తుంటే, కట్లెట్లు తీసిన మూకుట్లోనే బంగాళదుంపలు పోశారు. నూనెలో గోధుమరంగు పొడి గుండ్రంగా తిరుగుతోంది. ఆ పొడి గోధుమ, పాలపొడి, దాని మీద గుడ్డు. నూనె కాగుతుంది కదా, అన్నీ మాడిపోతాయి కదా అని కుర్రాడు అన్నాడు. వేడికి సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఈ ప్రోటీన్లు పూర్తిగా పోతాయని నమ్మడానికి లేదు. బ్రెడ్ బేక్ అయ్యాక కూడా అందులో గ్లూటెన్ ఉంటుంది కదా, ఇదీ అలాగే.

సమస్య ఏంటంటే నా షీట్‌లో దీనికి చోటు లేదు. సరుకుల జాబితాలో నూనె ఉంది, దాని లేబుల్ ప్రకారం అన్నీ N. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక ఒక ఉపాయం తట్టింది. నూనె డబ్బా ఒక సరుకు, మూకుట్లో ఉన్న నూనె ఇంకో సరుకు. Items షీట్‌లో "మొదటి మూకుడు నూనె" అని కొత్త వరుస కలిపి గ్లూటెన్, పాలు, గుడ్డు మూడిటికీ M పెట్టాను. బంగాళదుంపల వంటకంలో మామూలు నూనె తీసేసి ఇది రాశాను. చార్ట్‌లో మూడు గళ్లు వాటంతటవే M అయిపోయాయి. ఇదే పద్ధతిలో పిండి కలిపే బల్ల, కేకుల మిక్సర్ కూడా సరుకులయ్యాయి. మాస్టారు నవ్వారు, "బల్ల కూడా వండుతావా తల్లీ" అని.

ఆ తర్వాత అన్నయ్య రెండో మూకుడు తెప్పించి బంగాళదుంపలకే విడిగా పెట్టాడు. దాని జల్లిగరిట కూడా వేరు, పిడికి ఎర్ర టేపు చుట్టాం. "రెండో మూకుడు నూనె" అన్న వరుసలో మాత్రం N ఉంది. ఎవరైనా అందులో ఒక్క కట్లెట్ వేస్తే ఆ నూనె మొత్తం మార్చాలి, అంతవరకూ వరుసలో M రాయాలి. చేతుల గురించి కూడా అప్పుడే తెలిసింది. శానిటైజర్ రాసుకుంటే చాలనుకున్నాం ఇన్నాళ్లూ. అది క్రిముల కోసం, చేతికంటిన వేరుశనగ ప్రోటీన్‌ని అది తీసేయదు. సబ్బూ నీళ్లతో కడగాల్సిందే.

పెద్దాయన విషయంలో అన్నయ్యకీ నాకూ చిన్న గొడవ జరిగింది. చార్ట్‌లో గ్లూటెన్ N వచ్చిన వంటకాల పక్కన గ్లూటెన్ ఫ్రీ అని రాద్దామన్నాడు, వినడానికి బాగుంటుందని. నేను ఒప్పుకోలేదు. ప్యాకెట్ మీద ఆ మాట రాయడానికి అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు పెట్టే కోడెక్స్ హద్దు కిలో ఆహారానికి 20 మిల్లీగ్రాముల గ్లూటెన్. అది ఎంత అని లెక్కేశాను. గోధుమ పిండిలో గ్లూటెన్ సుమారు నూటికి ఎనిమిది పాళ్లు అనుకుంటే, కిలో వంటలో పావు గ్రాము పిండి పడితే చాలు, హద్దు చేరిపోతుంది. పావు గ్రాము అంటే రెండు వేళ్ల మధ్య పట్టే చిటికెలో కొంచెం. పిండి గాల్లో లేస్తున్న వంటింట్లో, పరీక్ష చేయించకుండా, ఆ మాట ఎలా రాస్తాం? "గ్లూటెన్ ఉన్న సరుకులు వాడలేదు, అదే వంటింట్లో గోధుమ పిండి వాడతాం" అని రాశాను. అందంగా లేదు, కానీ నిజం అదే. ఆవిడ ఆ వాక్యం పెద్దాయనకి చదివి వినిపించారట. ఆయన అన్నం, విడిగా ఉడికించిన కూరగాయలు, పండ్లు చాలన్నారు. అవి ఆ రోజు పిండి పని మొదలుకాకముందే వండి, మూత పెట్టి, పేరు రాసి పక్కన పెట్టాం.

ఫంక్షన్‌కి ముందు రోజు సాయంత్రం స్టోరు కుర్రాడు ఫోన్ చేశాడు. "అక్కా, మార్గరిన్ వేరే కంపెనీది వచ్చింది. అరలో పెట్టనా, ఆగనా?" కొత్త ప్యాకెట్ ఏదైనా వస్తే లేబుల్ ఫోటో నాకు పంపాకే అరలో పెట్టాలని చెప్పి ఉంచాను. ప్రతి వరుసకీ చివర లేబుల్ చూసిన తేదీ అని ఒక నిలువు గడి కూడా ఉంది. ఫోటో తెరిచాను. పాత మార్గరిన్‌లో అంతా నూనెలే. కొత్తదాంట్లో వే పౌడర్, అంటే పాలు విరిగాక మిగిలే నీళ్లని ఎండబెట్టిన పొడి. Items షీట్‌లో ఒక్క అక్షరం N నుంచి Y కి మార్చాను. చార్ట్‌లో రెండు వంటకాలు మారాయి, వాటిలో ఒకటి యాపిల్ క్రంబుల్. పాలు, గుడ్డు పడని ఆవిడ కోసం మేం ఎంచిన ఒకే ఒక్క తీపి అది.

మాస్టారికి చెప్తే ఈసారి గునవలేదు. "అందరికీ చేసేది చేస్తాను, ఆవిడకి మార్గరిన్ బదులు నూనె పోసి చిన్న ట్రేలో విడిగా చేస్తాను. పైపొర కాస్త గట్టిగా వస్తుంది, అంతే" అన్నారు. ఆ చిన్న ట్రేకి Recipe షీట్‌లో వేరే పేరుతో వరుసలు కలిపి, పాలు, గుడ్డు రెండూ N వచ్చాయని చూసుకున్నాకే సరే అన్నాను. పేరు చివర ఖాళీ ఉందేమోనని రెండుసార్లు చూశాను.

వడ్డన దగ్గర చార్ట్ ఏం చేయలేదు, అది ఒప్పుకోవాలి. బఫేలో ఎవరో కట్లెట్ పట్టకారుతోనే పక్క గిన్నెలో సలాడ్ తీసుకుంటే, ఆ క్షణం నుంచి ఆ గిన్నె వరుస తప్పు. అందుకే ఆ ముగ్గురి భోజనం బఫేలో పెట్టలేదు. మూత పెట్టిన డబ్బాల్లో పేర్లు రాసి, వడ్డించే కుర్రాడు చేతికే ఇచ్చాడు. మిగతావాళ్ల కోసం చార్ట్ ప్రింట్ తీసి ప్లేట్ల పక్కన పెట్టాం. దాదాపు ఎవరూ చూడలేదు. ఒక్కావిడ మాత్రం చాలాసేపు నిలబడి చదివి, "చీజ్‌లో గుడ్డేంటండీ, తప్పు పడిందా?" అని అడిగారు.

ఇప్పుడు చార్ట్‌లో ఇంకా రెండు U లు ఉన్నాయి. రెండూ ఒకే మసాలా వల్ల వచ్చినవే. అది విడిగా సంచీలో వస్తుంది, లేబుల్ లేదు. పిండి లాంటిది ఏమైనా కలుపుతారా, ఏ మిషన్‌లో ఆడతారు అని అమ్మేవాణ్ణి అడిగాను. రేపు కనుక్కుని చెప్తానన్నాడు. అలా అని నెల దాటింది. ఆ మసాలా పడే సూప్ గురించి ఎవరడిగినా U అనే చెప్తున్నాను. అన్నయ్య లేబుల్ ఉన్న ప్యాకెట్ మసాలా కొందామంటున్నాడు, మాస్టారేమో దాంతో ఆ రుచి రాదంటున్నారు.